దుకాణం లీజు రిజిస్ట్రేషన్: ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఓనరును ఎలా అడగాలి?

ప్రశ్న: కడప ఎర్రముక్కపల్లెలో మందుల షాపు నడుపుతున్నాను. నెలకు 18 వేల బాడుగ, లక్ష రూపాయల అడ్వాన్సు. ఇప్పటికి రెండుసార్లు వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నాం. ఇప్పుడు అరలు, ఏసీ, ఫ్రిజ్ మార్చడానికి మూడు లక్షలు పెట్టాలనుకుంటున్నాను. అందుకే మూడేళ్లకు రాసి రిజిస్టర్ చేయించమని ఓనరును అడగాలని ఉంది. ఆయన మా నాన్నకు స్నేహితుడు, మామా అని పిలుస్తాను. ఒకసారి కదిపితే "నోటరీ చేయిస్తే చాలదా?" అన్నారు. ఆయన కొడుకు బెంగళూరులో ఉంటాడు, బిల్డింగు అమ్మేద్దామంటున్నాడని విన్నాను. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి దాదాపు 9 వేలు, తన రాతకూలి 2,500 అని డాక్యుమెంట్ రైటరు చెప్పాడు. సగం సగం అడగమని మా వారు అంటున్నారు. అలా అడగవచ్చా? ఎలా అడగాలి?
ఒక పాఠకురాలు, కడప

జవాబు: సగం సగం అనే మాటతో మొదలుపెట్టకండి. మర్యాద సంగతి అటుంచండి, ఈ విషయంలో చట్టమే మీ పక్షాన లేదు. భారతీయ స్టాంపు చట్టం 1899లోనే, తన 29వ సెక్షన్‌లో, ఈ తగవు తీర్చి పెట్టింది. ఇద్దరూ వేరే విధంగా అనుకోకపోతే, లీజు పత్రం మీద స్టాంపు డ్యూటీ అద్దెకు తీసుకునే వారిదే. అదే పత్రానికి సంతకాలతో జత ప్రతి ఒకటి రాయించి ఓనరు తన దగ్గర ఉంచుకోదలిస్తే, దాని స్టాంపు ఓనరుది. మీ ఓనరు ఏ వకీలును అడిగినా ఈ మాటే చెబుతారు. అప్పుడు మీరు అడిగిన సగం మీకు రాకపోగా, మిగతా మాటలకు కూడా బలం తగ్గుతుంది.

అయితే "వేరే విధంగా అనుకోకపోతే" అన్న చోట చట్టం మీకొక తలుపు తెరిచే ఉంచింది. ఖర్చు ఎలా పంచుకోవాలో ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు, దాన్ని పత్రంలోనే రాసుకోవచ్చు. నా సలహా ఏమిటంటే, మొదట డబ్బంతా మీరే కట్టండి. దానికి బదులుగా, గడువు తీరకముందే ఓనరు ఖాళీ చేయమంటే మిగిలిన నెలల వాటా ఆయన తిరిగి ఇచ్చేట్టు రాయించుకోండి. లెక్క చాలా తేలిక. తొమ్మిది వేలను 36 నెలలకు పంచితే నెలకు 250 రూపాయలు. 20 నెలలు గడిచాక బిల్డింగు అమ్ముతున్నాం, ఖాళీ చేయమంటే ఇంకా 16 నెలలు మిగిలి ఉంటాయి కనుక ఆయన 4 వేలు ఇస్తారు. మూడేళ్లూ కదిలించకపోతే ఆయన చేతి నుంచి పైసా పోదు. మీరే మధ్యలో వెళ్లిపోతే మీకూ ఏమీ రాదు.

ఈ నాలుగు వేల కోసమా ఇంత రాత అనకండి. ఆయన ఎందుకు జంకుతున్నారో మీ ఉత్తరంలోనే ఉంది. ఆయన వెనకాడేది తొమ్మిది వేలకు కాదు, కొడుకు మాటకు. రిజిస్టరైన లీజు ఉన్న బిల్డింగును కొన్నవాడు ఆ లీజుతో సహా కొన్నట్టే. కొత్త ఓనరు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, మీ గడువు మీకుంటుంది. పైగా లీజు సంగతి ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపిస్తుంది. కొనేవాడు ఈసీ తీసి చూసి "ఇందులో ఎవరో ఉన్నారే" అని బేరం తగ్గిస్తాడని అబ్బాయి భయం. అది అర్థంలేని భయమేమీ కాదు. కాబట్టి మీరు మాట్లాడవలసింది ఆ భయం గురించి. ఖర్చు ఎవరిదన్న మాట దాని వెనకే వస్తుంది.

ముందుగా నోటరీ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆయన మళ్లీ ఆ మాటే అంటారు. ఏడాదికి మించిన గడువున్న లీజు రిజిస్టర్డ్ పత్రం ద్వారానే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. మన ఊళ్లలో 11 నెలల అగ్రిమెంట్లు ఇంతగా వాడుకలోకి రావడానికి కారణం ఇదే. నోటరీ చేసేది సంతకం ఫలానావారిదని ధ్రువీకరించడం. ఆయన ముద్ర ఎంత పెద్దదైనా అది రిజిస్ట్రేషన్ కాదు. మూడేళ్లని రాసి నోటరీతో సరిపెట్టుకున్నారనుకోండి. మీరు షాపులో ఉంటూ, బాడుగ ఇస్తూ, ఆయన తీసుకుంటూ ఉన్నంతవరకు మీరు అద్దెదారే, అందులో అనుమానం లేదు. కానీ చట్టం కళ్లకు అది నెలనెలా సాగే అద్దె మాత్రమే. సుప్రీంకోర్టు 2000లో ఒక తీర్పులో ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. నెలనెలా సాగే అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. పత్రంలోని మూడేళ్ల గడువును, దాని మధ్యలో ఖాళీ చేయించకూడదన్న షరతును కోర్టులో చూపి నిలబెట్టుకోవడం సాధ్యపడదు, రిజిస్టర్ కాని పత్రాన్ని ఆ పనికి సాక్ష్యంగా తీసుకోరు. మీరు మూడు లక్షలు పెట్టేది ఆ షరతును నమ్ముకునే కదా.

మీకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, బట్టల కొట్టువారికి ఉండనిది. డ్రగ్ లైసెన్సు మనిషి పేరుతో పాటు ఆ చిరునామాకూ ముడిపడి ఉంటుంది. ఖాళీ చేస్తే అరలు విప్పి వీధి అవతల బిగించుకుంటే పని అయిపోదు. కొత్త చోటుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ తనిఖీ, లైసెన్సు వచ్చేదాకా అమ్మకం బందు. ఓనరుకు ఈ విషయం తెలిసి ఉండకపోవచ్చు. "నాకు భద్రత కావాలి" అనేదానికన్నా ఇది చెబితే ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇక అడగడం. బాడుగ ఇచ్చే రోజున కౌంటరు ముందు నిలబెట్టి అడగకండి. ఇంటికి వెళ్లండి. వీలైతే కొడుకు ఊళ్లో ఉన్నప్పుడు, లేకపోతే ఫోనులో అతను కూడా వినేటట్టు. తండ్రి సరేనని, కొడుకు రాత్రికి వద్దంటే మీ ఇద్దరి మధ్య మాట చెడుతుంది. దాదాపు ఇలా చెప్పవచ్చు:

"మామా, షాపులో మూడు లక్షల పని చేయించాలనుకుంటున్నాను. లైసెన్సు ఈ డోరు నంబరు మీదే ఉంది, మధ్యలో కదిలితే కొత్తది వచ్చేదాకా షాపు మూసుకోవాలి. అందుకని మూడేళ్లకు రిజిస్టర్ చేసి ఇవ్వమని అడగడానికి వచ్చాను. స్టాంపు డ్యూటీ, ఫీజు నేనే కడతాను, అవి నేను కట్టవలసినవే. బిల్డింగు అమ్మే ఆలోచన ఉందని విన్నాను. అమ్మవద్దని నేను అనను. ఆరు నెలల ముందు చెప్పండి, వేరే చోటు చూసుకుని ఖాళీ చేస్తాను. అప్పుడు మిగిలిన నెలల ఖర్చు లెక్కగట్టి నాకివ్వండి, చాలు. నేను వెళ్లేటప్పుడు లీజు రద్దు పత్రం మీద సంతకం పెట్టి ఈసీలో మీకు ఇబ్బంది లేకుండా చేసే పూచీ నాది."

ఇందులో రెండు మాటలు ఆయన మనసులోని చిక్కు విప్పుతాయి. ఒకటి ఆరు నెలల నోటీసుతో ఖాళీ చేస్తాననడం. దీనితో మీ మూడేళ్ల గ్యారంటీ కొంత సడలుతుంది, నిజమే. అమ్మకం జరిగినా మూడేళ్లూ కదలనని పట్టుబట్టే వీలు చట్టం మీకిస్తుంది. కానీ అలా అడిగితే ఈ ఇంట్లో సంతకం పడదని నాకనిపిస్తోంది. ఆరు నెలలంటే కొత్త షాపు వెతుక్కోవడానికీ లైసెన్సు తెచ్చుకోవడానికీ సరిపడా గడువు. పదిహేను రోజులతో పోలిస్తే అది చిన్న లాభమేమీ కాదు. అయితే ఈ వెసులుబాటు నిజమైన అమ్మకానికే పరిమితం కావాలి. ఎక్కువ బాడుగ ఇచ్చేవాడు దొరికాడని ఖాళీ చేయించడానికి అది పనికిరాకూడదు. అందుకే "రిజిస్టర్డ్ అమ్మకం అగ్రిమెంటు ప్రతి చూపినప్పుడు" అని రాయించండి.

రెండోది రద్దు పత్రం. రిజిస్టరైన లీజును గడువుకు ముందే ముగిస్తే ఆ ముగింపును కూడా రిజిస్టర్ చేయించాలి. లేకపోతే మీరు వెళ్లిపోయి ఏడాదైనా ఈసీలో మీ పేరు అలాగే ఉండి, కొనేవాడిని, అప్పిచ్చే బ్యాంకును తికమకపెడుతుంది. ఓనర్లు రిజిస్ట్రేషన్ అంటే బెదిరేది చాలావరకు ఇక్కడే. ఆ పత్రం ఖర్చు గడువు తెంచినవారిదని రాసుకుంటే సరిపోతుంది. మీరు వెళ్లిపోతే మీది, ఆయన పంపిస్తే ఆయనది.

ఆస్తి షెడ్యూలు విషయంలోనూ ఆయనకు నిశ్చింత కలిగించవచ్చు. మొత్తం బిల్డింగు హద్దులు రాసి వదిలేయకుండా, కింది అంతస్తులో రోడ్డువైపు ఎన్నో గది, పొడవు వెడల్పులు ఎంత, దానికి నాలుగు వైపులా ఏమున్నాయో విడిగా రాయమనండి. అప్పుడు పత్రం చదివిన ఎవరికైనా లీజు ఒక్క షట్టరుకే అని తెలుస్తుంది, పై అంతస్తులకు ఏ చిక్కూ లేదని ఓనరు చూపించుకోగలరు.

ఖర్చు షరతును నేనైతే ఈ విధంగా రాయిస్తాను, మీ రైటరుకు చూపించండి:

"ఈ లీజు పత్రానికి అయిన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తాన్ని లీజుదారు చెల్లించారు. లీజు గడువు పూర్తి కాకముందు, లీజుదారు తప్పు ఏదీ లేకుండా, యజమాని లేదా ఆయన నుంచి ఈ ఆస్తిని పొందినవారు ఖాళీ చేయమని కోరిన పక్షంలో, ఆ మొత్తాన్ని 36 నెలలకు సమంగా భాగించి, మిగిలిన నెలలకు వచ్చే భాగాన్ని అడ్వాన్సుతో పాటు ఖాళీ చేసే రోజున లీజుదారుకు చెల్లించాలి."

"ఆయన నుంచి ఈ ఆస్తిని పొందినవారు" అన్న ముక్కను వదిలేయకండి. బిల్డింగు చేతులు మారాక మీ లక్ష అడ్వాన్సును పాత ఓనరు కొత్త ఓనరును అడగమని, కొత్త ఓనరు పాత ఓనరును అడగమని తిప్పుకోవడం ఎక్కడా కొత్త కాదు. "లీజుదారు తప్పు ఏదీ లేకుండా" అన్నది ఆయన కోసం. మూడు నెలల బాడుగ ఎగ్గొట్టినవారికి తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేరు.

రాతకూలి 2,500 సంగతి వేరు. అది ప్రభుత్వానికి పోయే డబ్బు కాదు, పత్రం ఇద్దరికీ పనికొచ్చేది. దాన్ని సగం సగం అడగవచ్చు, 1,250 చొప్పున. ఆయన మొహం ముడిచినట్టు కనిపిస్తే అదీ మీరే పెట్టుకోండి. అసలు షరతు వచ్చాక పన్నెండు వందల కోసం పట్టుబట్టడం నాకు నచ్చదు. ఒరిజినల్ మీ దగ్గర ఉంటుంది, ఆయనకు కావలసిన సర్టిఫైడ్ కాపీ ఆయన తీసుకుంటారు. ఖర్చు పంచుకోవడంలో ఏ పద్దు వచ్చినా రసీదు ఉన్నదే లెక్కలోకి రావాలని ముందే అనుకోండి. "ఆఫీసు ఖర్చులు" అని రైటరు చీటీలో ఒక గుండు అంకె కనిపిస్తే అది దేనికని అడగండి. ప్రభుత్వానికి చేరే డబ్బుకు చలానా ఉంటుంది.

రైటరు చెప్పిన 9 వేలను కూడా ఒకసారి విడమర్చి చెప్పించుకోండి. ఇలాంటి లీజుకు డ్యూటీ లెక్క కట్టేది గడువు మొత్తానికి వచ్చే బాడుగ మీద. ఏటా ఐదు శాతం పెంపు అనుకున్నారనుకుందాం. మొదటి ఏడాది నెలకు 18,000, రెండో ఏడాది 18,900, మూడో ఏడాది 19,845. మూడేళ్ల మొత్తం 6,80,940 అవుతుంది. పెంపు లేకుండా అయితే 6,48,000. రైటరు ఏ అంకెతో లెక్క వేశాడో అడగండి. లక్ష అడ్వాన్సును ఎలా రాస్తున్నాడో కూడా చూడండి. ఖాళీ చేసేటప్పుడు తిరిగి వచ్చే డిపాజిట్టా, బాడుగలో కోసుకునే ముందస్తు చెల్లింపా అన్నదాన్ని బట్టి డ్యూటీ మారే వీలుంది. రేట్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కాబట్టి, సంతకాల వారంలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో లెక్క మళ్లీ వేయించుకుని, అప్పుడు వచ్చిన అంకెను 36తో భాగించండి.

లెక్క చూశాక ఎవరో ఒకరు తప్పకుండా ఒక "తెలివైన" సలహా ఇస్తారు. పత్రంలో బాడుగ పది వేలని రాద్దాం, మిగతా ఎనిమిది చేతికిద్దాం, డ్యూటీ తగ్గుతుంది అని. ఒప్పుకోకండి. డ్యూటీకి సంబంధించిన వాస్తవాలన్నీ పత్రంలో పూర్తిగా, నిజంగా రాయాలని స్టాంపు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అది అటుంచినా మీకే నష్టం. షాపు ఖర్చుల్లో చూపుకోవడానికి కాగితం మీద పది వేలే ఉంటుంది, చేతికిచ్చిన ఎనిమిదికి ఆధారం ఉండదు, రేపు మాట చెడితే ఎన్ని నెలలు ఇచ్చారో రుజువు చేయలేరు. డ్యూటీలో మిగిలేది మూడేళ్లకు కొన్ని వేలు. దానికోసం నెలకు ఎనిమిది వేలు ఆధారం లేకుండా ఇవ్వడం ఎందుకు?

సంతకాల ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. బిల్డింగు ఎవరి పేరున ఉంది? బాడుగ తీసుకునేది మామ అయినా, పట్టా అత్తమ్మ పేరునో, అన్నదమ్ముల ఉమ్మడిలోనో ఉంటే ఆయన ఒక్కరి సంతకం చాలదు. మీరే ఒక ఈసీ తీసి, ఇంటి పన్ను రసీదులో పేరు చూడండి. ఆయనను అడిగి నొప్పించనక్కరలేదు. లీజు పత్రం మీద ఓనరు, అద్దెదారు ఇద్దరూ సంతకం చేయాలి. హక్కుదారుల్లో ఎవరైనా దూరాన ఉంటే వారు రావాలి, లేదా సరైన అధికారపత్రం ఇచ్చి మరొకరిని పంపాలి.

క్రమం కూడా ముఖ్యమే. స్టాంపు డ్యూటీ సంతకాలకు ముందైనా, అదే సమయంలోనైనా కట్టి ఉండాలి. ముందు మామూలు కాగితం మీద సంతకాలు పెట్టేసి, స్టాంపు తరువాత చూద్దామనుకుంటే ఆ పత్రం లోపంతో పుట్టినట్టే, తరువాత జరిమానాతో సరిదిద్దుకోవలసి వస్తుంది. సంతకాలు అయ్యాక నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. అది దాటితే ఇంకో నాలుగు నెలలు గడువు దొరుకుతుంది గానీ, దానికి రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు. ఆ ఆలస్యం ఎవరి వల్ల అయితే జరిమానా వారిదని షరతులో ఒక వాక్యం చేర్చండి. బెంగళూరు అబ్బాయి "వచ్చే నెల వస్తాను" అంటూ నెలలు గడిపేస్తే ఆ వాక్యం పనికొస్తుంది. వెళ్లే రోజున ఇద్దరి ఆధార్, పాన్, ఫోటోలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. మామ పెద్దవారు కాబట్టి రద్దీ లేని పూట చూసి బండిలో మీరే తీసుకెళ్లండి. వేలిముద్రల దగ్గర ఆయన వేళ్లు ఒక్కోసారి పడవు, తొందరపెట్టకండి.

అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే, మూడు లక్షల పని ఆపండి. గోడకు బిగించే అరలు, ఫాల్స్ సీలింగ్ లాంటివి మానుకుని, విప్పి తీసుకుపోగలిగే రాకులు, ఫ్రిజ్ వరకు పెట్టుకోండి. 11 నెలల అగ్రిమెంటు మళ్లీ రాసుకోవచ్చు గానీ, ఈసారి నోటీసు గడువు మూడు నెలలని, అడ్వాన్సు ఖాళీ చేసిన రోజునే ఇవ్వాలని రాయించండి. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తరువాత గడువు ఎంతైనా లీజు పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి రిజిస్టర్ కాని 11 నెలల పత్రంలోని షరతుల మీద పూర్తిగా ఆధారపడకండి.

ఆయన సరేనంటే, రిజిస్టరైన పత్రం చేతికి వచ్చిన వారంలోనే దాని కాపీని డ్రగ్ లైసెన్సు ఫైలులోనూ, జీఎస్టీ చిరునామా ఆధారంగానూ పెట్టుకోండి. చలానాను మాత్రం ఒరిజినల్‌తో కలిపి భద్రపరచండి. 36తో భాగించవలసి వచ్చిన రోజున అంకె ఎంతో చెప్పేది అదే.